డబ్బా వెనక్కి తిప్పండి

(అనంతపురంలో జిల్లా స్థాయి బాడీ బిల్డింగ్ పోటీల విరామంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న తమ్ముళ్లకు, వెనక గదిలో ఒంటికి రంగు పూసుకుంటున్న పోటీదారులకు నమస్కారం. ఒక్కొక్కరి పేరు చదువుతూ పోతే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, కాబట్టి పెద్దలు మన్నించాలి. నన్ను ‘ఆహారం, వ్యాయామం’ మీద మాట్లాడమన్నారు. ఆహారం సంగతి ఇక్కడున్న కోచ్‌లు నాకంటే బాగా చెప్తారు. నేను ఒక్క డబ్బా గురించే మాట్లాడతాను.

వ్యాయామానికి ముందు హుషారు కోసం నీళ్లలో కలుపుకుని తాగే పొడి, అదే ప్రీ-వర్కౌట్ డబ్బా, ఎవరి సంచిలోనైనా ఉంటే బయటికి తీయండి. సిగ్గేముంది, ఉందని అందరికీ తెలుసు. ఆ, అక్కడ నల్ల డబ్బా తీశారు. ముందు వైపు చూడొద్దు తమ్ముడూ, అక్కడ పులి బొమ్మ, మెరుపు బొమ్మ తప్ప ఏమీ ఉండవు. వెనక్కి తిప్పు. చిన్నక్షరాల పట్టికలో ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అనో ‘ఎనర్జీ మ్యాట్రిక్స్’ అనో ఒక వరుస ఉందా? పక్కన ఒకే ఒక్క అంకె, కింద కామాలు పెట్టి నాలుగైదు పేర్లు. నాకు కోపం తెప్పించేది ఆ వరుసే.

1994లో అమెరికాలో సప్లిమెంట్ల చట్టం ఒకటి వచ్చింది. దాని ప్రకారం కంపెనీ తన మిశ్రమం మొత్తం బరువు చెప్తే చాలు, లోపల ఏది ఎంతుందో చెప్పక్కర్లేదు. తన ఫార్ములా పక్కవాడు కాపీ కొట్టకుండా ఈ వెసులుబాటు అంటారు. పక్కవాడు కావాలంటే ఆ పొడిని ల్యాబుకిచ్చి వారంలో తెలుసుకుంటాడు. తెలుసుకోలేనిది కొనుక్కున్న మీరొక్కరే. అక్కడినుంచి దిగుమతయ్యే డబ్బాలతో పాటు ఈ పద్ధతీ మన జిమ్‌లకు వచ్చింది.

అయితే అక్కడి లేబుల్ నిబంధనల్లోనే ఒక సందుంది. పేర్లను బరువు తగ్గే వరుసలో రాయాలి. ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక. ఈ ఒక్క నియమంతో మనం కొంత లెక్క బయటికి లాగొచ్చు. ఒక స్కూపులో బ్లెండ్ 1,200 మిల్లీగ్రాములు అనుకుందాం. పేర్లు ఇట్లా ఉన్నాయి: టౌరిన్, టైరోసిన్, కెఫీన్, గ్రీన్ టీ సారం. కెఫీన్ మూడోది. దానికంటే ముందున్న రెండూ దానికి సమానమో ఎక్కువో ఉండాలి. అంటే కెఫీన్‌కు మూడు రెట్లు 1,200 దాటకూడదు. అందుకని కెఫీన్ ఎంత ఎక్కువున్నా 400. ఎంత తక్కువ? పదీ ఉండొచ్చు, ఇరవయ్యీ ఉండొచ్చు, చెప్పలేం. ఇప్పుడు అదే కెఫీన్ మొదటి పేరైతే లెక్క తిరగబడుతుంది. నాలుగింటిలో అదే పెద్దది కాబట్టి 1,200లో నాలుగో వంతు, అంటే కనీసం 300 ఉండి తీరాలి. పైకి ఎంతైనా పోవచ్చు.

ఆ 400 అనే అంకె గుర్తుపెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజు మొత్తంలో తీసుకునే కెఫీన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ చెప్పే హద్దు అదే. ఒకే దఫాలో 200 దాటొద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ అంటుంది. మన హోటల్లో చిన్న గ్లాసు టీలో ఇరవై ముప్పై ఉంటుంది. మీ స్కూపు పది టీలో, పదిహేను టీలో తెలియకుండా ఒక్క గుక్కలో దిగిపోతోంది.

ఇక బ్లెండ్ లేని డబ్బాలు. ‘మాది ఓపెన్ లేబుల్, కెఫీన్ 200 మాత్రమే’ అని గర్వంగా రాస్తారు. ఇంకో రెండు వరుసలు కిందికి చదవండి. ‘డైకెఫీన్ మాలేట్ 133’ అని ఉంటుంది. అది కెఫీన్‌ను మాలిక్ ఆమ్లంతో కట్టిన రూపం, అందులో ముప్పాతిక వంతు కెఫీనే, అంటే ఇంకో వంద. దాని కింద ‘గ్వారానా సారం 200’. గ్వారానా అమెజాన్ తీగకు కాసే గింజ, 22 శాతం సారమైతే 44 కెఫీన్. మొత్తం 344. ముందు వైపు 200 అన్నది అబద్ధం కాదు, ఆ పేరుతో ఉన్నది అంతే. కోలా గింజ, యెర్బా మాటే, గ్రీన్ కాఫీ, గ్రీన్ టీ సారం, ఇవన్నీ వేరే చొక్కా తొడుక్కున్న కెఫీనే.

టైము అయిపోతోందని సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలప్పా, అసలు సంగతి ఇంకా రాలేదు.

సాయంత్రం ఏడింటికి ఆ 344 తాగారు. కెఫీన్ ఒంట్లో సగమవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. రాత్రి పన్నెండుకు ఇంకా 172 మిగులుంది. అంటే మంచమెక్కే ముందు ఆరేడు గ్లాసుల టీ తాగి పడుకున్నట్టు. నిద్ర సరిగా పట్టదు. పొద్దున నీరసం. నీరసం పోవడానికి, కొవ్వు కరిగిస్తాయని అమ్మే ఫ్యాట్ బర్నర్ క్యాప్సూళ్లు రెండు. అందులోనూ కెఫీన్. సాయంత్రానికి ఒక స్కూపు చాలడం లేదని ఒకటిన్నర. ఇట్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి కూడిన వాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. సరే, అర్థమైంది.

ఒక మాట పక్కకు పోయి చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పరు. విరేచనాలైతే మెడికల్ షాపుకెళ్లి చీటీ లేకుండా సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకుని వేసుకునే అలవాటు మనకుంది. చీటీ లేకుండా తేవడమే తప్పు, అది వేరే గొడవ. ఆ మాత్ర కెఫీన్‌ను విరగ్గొట్టే కాలేయపు ఎంజైమును అడ్డుకుంటుంది. రోజూ తాగే స్కూపే ఆ వారంలో ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవాళ్లకు ఇంకా చెడ్డది, అది కెఫీన్‌కు దాయాదే, ప్రభావాలు కలిసిపోతాయి.

‘మా డబ్బా బాగా పనిచేస్తుంది సార్, చెవులు, మొహం చీమలు పాకినట్టు జివ్వుమంటాయి’ అంటారు. ఆ జివ్వు బీటా అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల. చర్మం కింది నరాలను అది కదిలిస్తుంది, అంతే. మొహం ఎర్రబడి వేడెక్కితే అది నియాసిన్, ఒక విటమిన్. ఈ రెండిటికీ హుషారుకూ సంబంధం లేదు. అలవాటై జివ్వు తగ్గిందని స్కూపు పెంచితే, కెఫీన్ కూడా దాంతో పాటే పెరిగిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పింది రాసి ఉన్నవాటి సంగతి. రాయనివి ఉన్నాయి. డీఎంఏఏ అనే మందును 1944లో ఒక అమెరికా కంపెనీ ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా పేటెంటు తీసుకుంది, తర్వాత అది వాడుకలోంచి పోయింది. ఈ శతాబ్దంలో ‘జెరేనియం పూల సారం’ అని పేరు మార్చి ప్రీ-వర్కౌట్లలోకి తెచ్చారు. రక్తనాళాలను బిగించి బీపీ పెంచుతుంది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ముందు మన దేశపు క్రీడాకారులు కొందరు దీనితోనే పట్టుబడ్డారు. 2012 లండన్ మారథాన్‌లో ఒక యువతి పరుగులో కూలి చనిపోతే, దీని పాత్ర ఉందని విచారణలో తేల్చారు. లేబుల్ మీద డీఎంఏఏ అనే ఉండాలని లేదు. మిథైల్ హెక్సనమీన్, డైమిథైల్ పెంటైలమీన్, జెరేనియం, ఏదైనా రాస్తారు. డీఎంహెచ్‌ఏ అనేది దాని తమ్ముడు, అక్రోటు సారం అని కూడా వస్తుంది.

ఫ్యాట్ బర్నర్లది ఇంకో దారి. ‘అంతా మూలికలే’ అని రాసి లోపల సిబుట్రమిన్ కలిపిన క్యాప్సూళ్లను చాలా దేశాల్లో పట్టుకున్నారు. ఆకలి చంపే మాత్ర అది. గుండెపోటు, పక్షవాతం పెరుగుతున్నాయని 2010లో అమెరికా మార్కెట్‌లోంచి తీసేశారు, ఆ తర్వాతి ఏడాది మన దగ్గరా నిషేధించారు. ఎట్లా కనిపెట్టాలి? కంటితో చూసి కనిపెట్టలేం. కానీ ఆకులూ వేర్లే రాసి ఉన్న క్యాప్సూలు వేసుకున్న రెండో రోజుకే అన్నం సహించకుండా, నోరెండిపోయి, మలబద్ధకం పట్టి, రాత్రి కళ్లు మూతపడకపోతే అనుమానించాలి. ఆకుకు అంత వేగం ఉండదు.

‘ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరుంది కదా’ అంటారు. ఉండాల్సిందే. ఆ 14 అంకెలను foscos.fssai.gov.in లో కొడితే ఆ కంపెనీకో, దిగుమతిదారుకో లైసెన్సు నిజంగా ఉందా లేదా తెలుస్తుంది. దిగుమతి డబ్బా మీద ఇక్కడి దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కరు లేకపోతే ముట్టుకోవద్దు. కానీ లైసెన్సు అంటే మీ చేతిలోని బ్యాచిని పరీక్షించారని కాదు. అది కావాలంటే ‘ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్’ లాంటి గుర్తు చూసి, మీ డబ్బా అడుగున ఉన్న బ్యాచి నంబరు వాళ్ల సైటులోని జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. గుర్తు ప్రింటు వేయడం ఎవరికైనా వచ్చు, బ్యాచి నంబరు దొరకాలి.

స్కూపును నమ్మొద్దు. లేబుల్‌లో 10 గ్రాములని ఉంటే తూచండి. మిల్లీగ్రాములు తూచే చిన్న డిజిటల్ కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గోపురంలా నింపిన స్కూపు సులభంగా పదమూడు పద్నాలుగు గ్రాములు తూగుతుంది. పైగా రవాణాలో కుదుపులకు సన్న పొడి, బరక పొడి విడిపోతాయి, కాబట్టి వాడే ముందు మూత బిగించి డబ్బాను బాగా తిప్పి కలపండి. నీళ్లు లేకుండా నోట్లో వేసుకుని చప్పరించే ఫ్యాషను మాత్రం మానేయండి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మోతాదు మొత్తం ఒక్కసారిగా దిగుతుంది. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1,600 మీటర్ల పరుగుకు ముందు ఇట్లా చేసేవాళ్లు ఉన్నారని కోచ్‌లు అంటున్నారు. మే నెల అనంతపురం ఎండలో అది ఇంకా ప్రమాదం. ఒళ్లు చల్లబడాలంటే చర్మానికి రక్తం పోవాలి, ఇవి ఆ నాళాలనే బిగించేస్తాయి. రేకుల షెడ్డు జిమ్‌లలోనూ ఇదే సంగతి.

హుషారు కావాలా? 70 కిలోల మనిషికి 200 మిల్లీగ్రాముల కెఫీన్ చాలు, చిక్కటి కాఫీ రెండు కప్పుల్లో వచ్చేస్తుంది, అది కూడా మధ్యాహ్నం లోపు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అదీ వద్దు.

బెల్లు కొట్టేశారు. చివరిగా వెనక గదిలో ఉన్నవాళ్లకు. కండ తేలాలని మీలో కొందరు నిన్నటినుంచి నీళ్లు తగ్గించి ఉంటారు, కొందరు నీళ్లు పోయే మాత్రలు కూడా వేసుకుని ఉంటారు. ఒంట్లో పొటాషియం, ఉప్పు తారుమారై ఉన్న ఈ గంటలో స్టేజీ ఎక్కే ముందు ఆ స్కూపు వేసుకోకండి. గుండె లయ తప్పడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. ఎవరికైనా ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె ఆగి ఆగి కొట్టుకోవడం కనిపిస్తే పోజులు ఆపి 108కి ఫోన్ చేయండి. తాగిన డబ్బాను దాచకండి, పేషెంటుతో పాటే ఆసుపత్రికి పంపండి. ఏం తాగాడో డాక్టరుకు చెప్పేది ఆ డబ్బా ఒక్కటే, అది కూడా సగమే చెప్తుంది.