కొత్త జీన్స్ నీలం సీటుకి, సోఫాకి, తెల్ల షూకి అంటుకుంటే ఏం చేయాలి?

[షాట్: లేత క్రీమ్ రంగు కారు సీటు, డ్రైవర్ వైపు అంచు మీద అరచెయ్యంత నీలం మరక]

ఇదిగో ఇక్కడ చూడండి, ఇది మా అక్క వాళ్ళ కారు. మా మేనల్లుడు కొత్త డార్క్ బ్లూ జీన్స్ కొనుక్కుని, ఒక్కసారి కూడా ఉతక్కుండా వేసుకుని వానలో తడిసి వచ్చి అలాగే ఎక్కి విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా నడిపాడు. దిగి చూస్తే సీటు అంచంతా ఇలా అయింది. అక్క ఫోన్ చేసి "ఏరా తమ్ముడూ, ఇది పోతుందా, సీట్ కవర్లు వేయించేసుకోమంటావా" అంది, నేను ఏం చేయొద్దు, ముఖ్యంగా థిన్నర్ జోలికి పోవద్దు, వస్తున్నా అని చెప్పా.

అసలు ఎందుకు అంటుకుంటుందో ముందు చెప్తా, ఎందుకంటే అది అర్థమైతే ఏం రాయాలో ఏం రాయకూడదో మీకే తెలిసిపోతుంది. జీన్స్‌కి వేసే రంగు ఇండిగో, మన నీలిమందు. అది నీళ్ళలో కరగదు. అందుకని అద్దకంలో హైడ్రోస్ అనే మందు వేసి దాన్ని కరిగేలా చేస్తారు, అప్పుడది పసుపుపచ్చగా అవుతుంది, నూలు అందులో ముంచి బయటికి తీస్తే గాలి తగిలి మళ్ళీ నీలంగా మారి దారం పైనే ఉండిపోతుంది. దారం లోపలికి పెద్దగా దిగదు, అందుకే జీన్స్ అరిగినచోట తెల్లగా కనిపిస్తుంది. అంటే పైపైన ఉన్న నీలం పొడి రాపిడికి రాలుతుంది, తడి ఉంటే ఇంకా ఎక్కువ రాలుతుంది. మా వాడికి తడి, రాపిడి రెండూ దొరికాయి, పైగా గంటల తరబడి.

[షాట్: తడి తెల్లగుడ్డతో మరకని ఒకసారి తుడిచి, గుడ్డ కెమెరాకి చూపించడం]

మొదట చేయాల్సింది ఇదొక్కటే. తెల్లటి మెత్తని గుడ్డ తడిపి, బాగా పిండి, మరక మీద ఒకసారి తుడవండి. గుడ్డకి నీలం వచ్చిందా, రంగు ఇంకా పైనే ఉంది, మీకు ఛాన్స్ చాలా ఉంది. ఏమీ రాలేదా, నీలం లెదరెట్ లోపలికి దిగడం మొదలైంది. ముఖ్యంగా పీవీసీ లెదరెట్‌లో మెత్తదనం కోసం కలిపే పదార్థం ఉంటుంది, ఎండలో కారు కాగితే ఆ పొరలోకి రంగు మెల్లగా దిగిపోతుంది. అందుకే వారం తర్వాత చూద్దాంలే అనుకోవద్దు, మన ఎండలకి వారం అంటే చాలా ఎక్కువ.

ఇక్కడ గుడ్డకి వచ్చింది, చూస్తున్నారుగా. ఇప్పుడు అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక స్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బాగా నురగ తెప్పిస్తున్నా, నీళ్ళు కాదు, నురగ మాత్రమే బ్రష్‌తో తీసుకుంటున్నా. ఎందుకంటే సీటుకి కుట్లు ఉంటాయి, కొన్నింటికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పక్క భాగంలో ఎయిర్‌బ్యాగ్ కూడా ఉండొచ్చు, నీళ్ళు లోపలికి పోకూడదు. చిన్నపిల్లల టూత్‌బ్రష్ అంత మెత్తటిది చాలు, అరచెయ్యంత జాగా తీసుకుని మెల్లగా తిప్పుతూ రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి, లేకపోతే తీసిన నీలాన్నే మళ్ళీ పూస్తారు. మూడుసార్లు చేశాక చూడండి ఎంత తగ్గిందో.

[షాట్: క్లోజప్, సగం పోయిన మరక]

మిగిలిన దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెడికల్ షాపులో 70 శాతంది దొరుకుతుంది. దాన్ని సీటు మీద పోయకండి, గుడ్డ కొసకి అద్ది ముందు సీటు కింద కనబడని చోట టెస్ట్ చేయండి. అక్కడ బాగుంటేనే మరక మీద పది సెకన్లు తుడిచి, వెంటనే తడిగుడ్డతో తీసేయండి. ఇక్కడ ఒక గుర్తు చెప్తా, ఇది చాలామంది పట్టించుకోరు. గుడ్డకి నీలం వస్తున్నంతసేపు మీరు మరకని తీస్తున్నట్టు, గుడ్డకి సీటు రంగే, అంటే ఈ క్రీమ్ కలర్ వస్తే మీరు సీటు పైపొరనే తీసేస్తున్నట్టు, అక్కడితో ఆపేయాలి. మెలమైన్ స్పాంజ్, అదే మ్యాజిక్ స్పాంజ్ అంటారుగా, దానికీ ఇదే లెక్క, అది చాలా సన్నటి ఉప్పుకాగితం లాంటిది, తడిపి నాలుగైదు సార్లు తేలిగ్గా రుద్దొచ్చు గానీ అరిగేదాకా కాదు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అయితే పొరని కరిగించేస్తాయి, తర్వాత ఆ చోటే బాగా మురికి పడుతుంది. మా అక్క సీటు మీద కుట్టు పక్కన కొంచెం నీలి నీడ మిగిలింది, అది ఇక లోపలికి దిగిందే, వదిలేశా, అక్కకి కూడా అదే చెప్పా.

లెదరెట్ సోఫాకి కూడా అచ్చం ఇదే పద్ధతి. గుడ్డ సోఫా అయితే రుద్దడం వద్దు, రుద్దితే పోగుల్లోకి తోసేస్తారు. అదే నురగని గుడ్డకి తీసుకుని మరక అంచు నుంచి మధ్యకి అద్దుతూ రండి, ఆరడానికి హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, ఫ్యాన్ గాలి చాలు. కవర్ జిప్ తీసి ఊడదీసేదైతే లేబుల్ చూసి చల్లనీళ్ళలో ఉతకండి.

[షాట్: తెల్ల షూ, మడమ పైన, నాలుక మీద నీలం గీతలు]

షూకి నీలం ఎప్పుడూ ప్యాంట్ అంచు తగిలే చోటే పడుతుంది. రబ్బరు అంచుకి మెలమైన్ స్పాంజ్, సింథటిక్ పైభాగానికి ఇందాకటి నురగ. తెల్ల కాన్వాస్‌కి మాత్రం వేరే దారి ఉంది, అద్దకంలో వాడే ఆ హైడ్రోసే. బ్లీచింగ్ వాటర్ నీలాన్ని చంపుతుంది నిజమే, కానీ సరిగ్గా జాడించకపోతే తెల్లషూ పసుపెక్కుతుంది. హైడ్రోస్ అయితే ఇండిగోని మళ్ళీ కరిగే రూపంలోకి తెస్తుంది, అంటే అద్దకాన్ని వెనక్కి తిప్పినట్టు. రంగులమ్మే షాపులో దొరుకుతుంది. చేయి పెట్టగలిగేంత వేడి నీళ్ళు ఒక లీటరు, ప్లాస్టిక్ మగ్గులో, ఒక స్పూన్ వాషింగ్ సోడా, ఒక స్పూన్ హైడ్రోస్. చేతికి గ్లౌజులు, బయట గాలిలో చేయండి, వాసన ఘాటుగా గొంతు పట్టేస్తుంది. బ్లీచ్‌తోనో, వెనిగర్‌తోనో అస్సలు కలపొద్దు. డబ్బాలోని పొడికి తడి తగలనివ్వొద్దు, తడి తగిలితే అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

[షాట్: బ్రష్‌తో కాన్వాస్ మీద పూయడం, నీలం పసుపుపచ్చగా మారడం]

చూడండి, నీలం పోయి పసుపుపచ్చ అయింది. ఇక్కడే చాలామంది అయిపోయిందనుకుని ఆరబెడతారు, గాలి తగిలి మళ్ళీ నీలం వచ్చేస్తుంది! వెంటనే మూడు నాలుగు నీళ్ళలో జాడించాలి. రంగు డిజైన్ ఉన్న షూకి ఇది వాడొద్దు, ఆ రంగులు కూడా పోతాయి. లేసులు అయితే తీసేసి ఇదే నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి జాడించండి.

ఉప్పునీళ్ళలో, వెనిగర్‌లో నానబెడితే జీన్స్ రంగు సెట్ అవుతుందని అంటుంటారు, ఇండిగోకి అది పనిచేయదు. ఊడేది ఊడాల్సిందే, లోపలివైపు బయటికి తిప్పి చల్లనీళ్ళలో విడిగా రెండు మూడు సార్లు ఉతకండి. ఆరాక తడిపిన తెల్ల కర్చీఫ్‌తో తొడ మీద పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి, కర్చీఫ్‌కి నీలం వస్తే ఆ జీన్స్‌తో లేతరంగు సీటు మీద ఇంకా కూర్చోకండి, ఇంకోసారి ఉతికి మళ్ళీ కర్చీఫ్ పెట్టండి.