ఒక్క పైపు మీద వీధి నాటకం: స్క్రిప్ట్ ఎలా రాయాలి?

హాయ్ అండీ, బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి సైడు మన తెలుగు వాళ్లున్న అపార్ట్‌మెంట్లలో ఆడటానికి నీళ్ల మీద ఒక వీధి నాటకం రాద్దాం.

ముందే చెప్తున్నా, భూమాత ఏడవడం, చివర్లో స్లోగన్లు, ఇవి వద్దు. చూసినవాళ్లకి ఇంటికెళ్లాక ఏం చెయ్యాలో తెలీదు. ఒక్క పైపు పట్టుకోండి చాలు. నేనైతే ఆర్‌ఓ ప్యూరిఫైయర్ వెనక సింకులోకి వదిలేసిన ఆ సన్న పైపు తీసుకుంటా. ఇళ్లల్లో వాడే చాలా మెషీన్లు లీటరు మంచినీళ్లిచ్చేలోపు రెండు మూడు లీటర్లు బయటికి పంపేస్తాయి. మూడు అనుకుందాం, తాగడానికీ వంటకీ రోజుకి 10 లీటర్లు పట్టే ఇంట్లో 30 లీటర్లు సింకులోకే, అంటే 15 లీటర్ల బకెట్లు రెండు. ఆ రెండు బకెట్లూ నిండుగా నిజంగానే మధ్యలో పెట్టండి, లెక్క కళ్లకి కనపడాలి.

డప్పు మోగుతుంది, జనం చుట్టూ చేరతారు, మొదటి మాటే గొడవతో మొదలవ్వాలి.

"ఏం పద్మక్కా, ట్యాంకర్ ఇంకా రాలేదని వాచ్‌మన్ మీద అరుస్తున్నావంట?"
"అరవనా మరి, ఇల్లు తుడవడానికి చుక్క లేదు!"
"మరి మీ సింకులో ఆ చప్పుడేంది?"

ఇక్కడ ఆగండి. ఎవరూ మాట్లాడకూడదు, ఒకతను చెంబుతో బకెట్లోకి సన్నగా నీళ్లు పోస్తుంటాడు, ఆ చప్పుడే వినపడాలి. మధ్యలో వచ్చి నిలబడేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ "చప్పుడేంది" అనే ప్రశ్న నాటకంలో మూడుసార్లు వేరే వేరే మనుషుల నోట రావాలి. మైకు ఉండదు, అందుకే డైలాగు ఒక్క ఊపిరిలో అయిపోవాలి, గట్టిగా చదివి చూడండి, మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొస్తే రెండు ముక్కలు చేసెయ్యండి.

పద్మక్క పైపుని బకెట్లోకి మారుస్తుంది, అదే క్లైమాక్స్. కానీ ఒక విషయం తప్పు చెప్పకండి, ఆ నీళ్లల్లో ఉప్పు ఎక్కువ, బోరు నీళ్లయితే మరీనూ, ఇల్లు తుడవడానికీ బాత్రూమ్ కడగడానికీ బాగుంటాయి గానీ రోజూ కుండీల్లో పోస్తే మొక్కలు పాడవుతాయి. పక్కింటి పిల్లాడు మొక్కల దగ్గరికి తీసుకెళ్తుంటే పద్మక్క ఆపే చిన్న సీను పెడితే అది కూడా చెప్పేసినట్టవుతుంది.

ఇక స్పాన్సర్లకి సినాప్సిస్, అది ఇంగ్లీషులో ఐదారు లైన్లు మించొద్దు. మొదటి లైన్లోనే కథ, "ట్యాంకర్ కోసం గొడవపడే ఒకావిడకి తన సింకులోనే రెండు బకెట్లు దొరుకుతాయి" అన్నట్టు. తర్వాత 15 నిమిషాలు, ఐదుగురు నటులు, తెలుగు, మధ్యలో కొన్ని కన్నడ డైలాగులు, ఎన్ని షోలు, ఎక్కడ, డబ్బు దేనికి అన్నది. వాళ్ల లోగో బ్యానర్ మీద, టీషర్టుల మీద వస్తుందని అక్కడే రాసెయ్యండి, లేకపోతే కంపెనీ పేరు పద్మక్క డైలాగులో పెట్టమని అడుగుతారు, అది మాత్రం ఒప్పుకోకండి.