వంటగట్టు ఎంత ఎత్తు ఉండాలో మోచేతిని అడగండి

అందరికీ నమస్కారం. ఇవాళ వచ్చినవాళ్లలో చాలామంది ఇల్లు కట్టుకుంటున్నారని, కొందరు ఫ్లాట్ కొని లోపలి పని మొదలుపెట్టబోతున్నారని చెప్పారు. అందుకే గ్రానైట్ రంగుల గురించి, అల్మరా తలుపుల గురించి మాట్లాడను. వాటిని తర్వాతైనా మార్చుకోవచ్చు. ఒకసారి కట్టాక మార్చడం కష్టమయ్యేవి మూడు కొలతలు: గట్టు ఎత్తు, దాని లోతు, ఎదురెదురు గట్ల మధ్య ఖాళీ. వాటి గురించే చెబుతాను.

ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాను. ఆ ఇంట్లో వంట చేసే ఆవిడ ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. వాళ్ల తమ్ముడు అమెరికాలో ఉంటాడు. అక్కడి వంటిల్లు ఆవిడకి బాగా నచ్చింది. అక్కడ గట్టు మామూలుగా 36 అంగుళాలు ఉంటుంది కాబట్టి ఇక్కడా అంతే పెట్టించుకున్నారు. ఇంట్లో దిగిన రెండు నెలలకే కుడి భుజం నొప్పి మొదలైంది. నేను వెళ్లేసరికి ఆవిడ పులిహోర కోసం పోపు కలుపుతున్నారు. మోచెయ్యి భుజం దాకా లేచి ఉంది, మెడ బిగుసుకుపోయి ఉంది. కాసేపు చూస్తే కారణం తెలిసిపోయింది.

అమెరికాలో పొయ్యి గట్టు మీద కూర్చోదు. గట్ల మధ్యలో, వాటితో సమానమైన ఎత్తులో ఉంటుంది. మన స్టవ్ గట్టు మీదకెక్కి కూర్చుంటుంది. ఆవిడ గట్టు 36 అంగుళాలు. దాని మీద స్టవ్ 5 అంగుళాలు, అంటే బర్నర్ దగ్గరికి 41. దాని మీద 7 అంగుళాల కుక్కర్ పెడితే అంచు 48 అంగుళాల దగ్గర ఉంటుంది, అంటే 4 అడుగులు. ఆవిడ మోచెయ్యి నేల నుంచి 38 అంగుళాలే. మోచేతికి 10 అంగుళాల పైన గరిటె తిప్పాలంటే భుజం ఎత్తక తప్పదు. రోజుకి రెండు పూటలా అదే పని.

అందుకే నేను గట్టుని కొలవడం కన్నా ముందు చెయ్యి పనిచేసే చోటుని కొలుస్తాను. ఇంట్లో ఎక్కువగా వంట చేసేవాళ్లని మామూలుగా వంటింట్లో ఉన్నట్టే నిలబెట్టండి. చెప్పులు వేసుకునే అలవాటుంటే వేసుకునే నిలబడమనండి. మోచెయ్యి మడిచి, ముంజెయ్యి నేలకి సమాంతరంగా ఉంచి, నేల నుంచి మోచెయ్యి దాకా టేపుతో కొలవండి. కూరలు తరగడానికి గట్టు దానికంటే 4 అంగుళాలు కిందుంటే హాయిగా ఉంటుంది. చపాతీలు ఒత్తడానికి ఒంటి బరువు పైనుంచి పడాలి కాబట్టి ఇంకో రెండు అంగుళాలు దిగినా మంచిదే. స్టవ్ విషయంలో మాత్రం బాండీ అంచు మోచేతి దగ్గరికి వచ్చేలా చూసుకోవాలి. ఓ అంగుళం అటూ ఇటూ అయితే ఫర్వాలేదు.

ఆవిడ లెక్క ఇలా వచ్చింది. తరగడానికి 38లోంచి 4 తీస్తే 34 అంగుళాలు. స్టవ్ కింద 30. దాని మీద స్టవ్ 5, బాండీ 4 కలిపితే అంచు 39 దగ్గర ఆగుతుంది. స్టవ్ ఉన్నచోట మూడున్నర అడుగుల పొడవు రాయిని కోయించి 30కి దించాం. స్టవ్ పట్టేంత వరకే దించితే చాలదా అని మేస్త్రీ అడిగాడు. చాలదు. పక్కన ఓ అడుగైనా అదే ఎత్తులో చోటు లేకపోతే పొయ్యి మీంచి దించిన వేడి గిన్నెని ప్రతిసారీ మెట్టు ఎక్కించాలి. అంచుకి తగిలిందా, చారు కాళ్ల మీదే పడుతుంది.

గట్టులోకి దిగే హాబ్ పెట్టుకునేవాళ్లకి ఈ మెట్టు అవసరం రాకపోవచ్చు. అది రాయి పైకి రెండు అంగుళాలకి మించి లేవదు. అందుకే స్టవ్వా, హాబా అన్నది రాయి వేయకముందే తేల్చుకోండి. 30కి దించిన గట్టులో తర్వాత హాబ్ బిగిస్తే ఈసారి నడుము వంగుతుంది.

సింకు దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ చేతులు పనిచేసేది అడుగున. తొట్టి లోతు 8 అంగుళాలైతే, 34 గట్టులో గిన్నెలు తోమే చెయ్యి 26 దగ్గరికి దిగుతుంది. అందుకని వీలైతే సింకు ఉన్న భాగాన్ని 36కి లేపమంటాను. ఆ అమెరికా కొలత మన ఇళ్లలో నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఎత్తు దగ్గర ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. కొన్నిచోట్ల టైల్స్ పరవకముందే గట్టు కట్టేస్తారు. మేస్త్రీ కింది కాంక్రీటు మీంచి 33 కొలుస్తాడు. ఆ తర్వాత మాలు, టైలు కలిపి రెండున్నర అంగుళాలు నేల పైకొస్తుంది. మీకు మిగిలేది ముప్పైన్నర. కాబట్టి టైల్ పైభాగం ఎక్కడికి వస్తుందో ముందే గోడ మీద గీత గీయించి, ఆ గీత మీంచి కొలవమనండి.

లోతు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 24 అంగుళాలు బాగా కుదిరిన కొలత. స్టవ్, దాని వెనక ట్యూబుకి కాస్త ఖాళీ, ముందు కుక్కర్ పిడి బయటికి రాకుండా చోటు, అన్నీ అందులో సర్దుకుంటాయి. 30కి పెంచితే వెనక ఆరంగుళాలు పొట్టివాళ్లకి అందవు, ఖాళీ సీసాలు చేరతాయి. ఒక్కటి మాత్రం మరవకండి. గట్టు కింద అడుగున 3 అంగుళాల లోతు, 4 అంగుళాల ఎత్తు కాలివేళ్లకి ఖాళీ వదలాలి. కడప బండలు ముందంచు దాకా నిలబెడితే వేళ్లు తగులుతాయని వెనక్కి నిలబడి, నడుము ముందుకి వంచి పనిచేస్తారు. 24 లోతు గట్టు 27లా అనిపిస్తుంది.

ఇక ఎదురెదురు గట్లు. అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ ఒకరు వండే చోట 42 అంగుళాలు, ఇద్దరు వండే చోట 48 ఉండాలంటుంది. ఇది మనకీ సరిపోతుంది. ఒకరు స్టవ్ దగ్గర నిలబడితే గట్టు ముందు 20 అంగుళాల దాకా పోతుంది. వెనకనించి అత్తగారో, కోడలో గిన్నె పట్టుకుని దాటాలంటే ఇంకో 24 కావాలి. 60 దాటితే మాత్రం తిరిగితే అందాల్సినదానికి నడవాల్సి వస్తుంది.

మన ఫ్లాట్లలో వంటిల్లు ప్లానులో ఏడున్నర అడుగుల వెడల్పు అనుకుందాం, అంటే 90 అంగుళాలు. రెండు గట్లకి 48 పోతే 42 మిగిలిందని సంతోషిస్తాం. కానీ ప్లానులో కొలత ఇటుక నించి ఇటుకకి. రెండు గోడల ప్లాస్టరు, టైల్స్ కలిసి 2 అంగుళాలు తింటాయి. గ్రానైట్ అంచు చెరో అంగుళం బయటికొస్తుంది. తలుపుల పిడులు చెరో అంగుళం. మిగిలేది 36. అక్కడే ఫ్రిజ్ ఉంటే, వెనక ఖాళీతో కలిపి గట్టుకన్నా అరడుగు ముందుకొస్తుంది. ఆ చోట దారి 30 అంగుళాలే. ఫ్రిజ్ తలుపు తెరిస్తే స్టవ్ దగ్గరున్న మనిషి పక్కకి జరగాలి.

ఇలాంటిచోట స్టవ్, సింకు ఉన్న గట్టుని 24 ఉంచి, ఎదురు గట్టుని 18కి తగ్గించమంటాను. మిక్సీకి, డబ్బాలకి, నీళ్ల ఫిల్టరుకి 18 చాలు. దారి మళ్లీ 42 అవుతుంది. ఫ్రిజ్‌ని స్టవ్‌కి ఎదురుగా కాకుండా గుమ్మం వైపు చివర పెట్టండి.

రాయి కోయించేముందు ఓ పని చేయండి. నేల మీద సుద్దముక్కతో రెండు గట్ల అంచులూ గీసి, మధ్యలో ఇద్దరు నిలబడి, ఒకరు కింది అర తెరుస్తున్నట్టు వంగండి. ఎత్తు కోసం ఇస్త్రీ బల్ల మీద పుస్తకాలు పేర్చి పావుకిలో బెండకాయలు తరగండి. నడుం లాగితే ఎత్తు తక్కువ, భుజాలు లేస్తే ఎక్కువ. ఆవిడ కూడా మిగతా గట్టు 34కి దించాలో వద్దో ఇలాగే తేల్చుకున్నారు. దించకుండా, తరగడానికి 34 అంగుళాల చిన్న బల్ల ఒకటి విడిగా చేయించుకున్నారు.