ముహూర్తం వేళకి లైవు ఆగకూడదంటే

శ్రోతలకు నమస్కారం.

కోనసీమలో ఇప్పుడు శుభలేఖ వెనకాలే వాట్సాప్‌లో పెళ్లిని లైవ్‌లో చూసే లింకు కూడా వస్తోంది. రాజోలు, అమలాపురం వైపు చాలా ఇళ్లల్లో ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. అమెరికా వెళ్లినవాళ్ల సంగతి సరేసరి. సెలవు దొరక్క రాలేనివాళ్లు ఆ లింకు నొక్కి కూర్చుంటారు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించేవేళకి వాళ్ల తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతూ ఉంటుంది. అలా ఎందుకవుతుందో, ఏం చేస్తే అవదో చెబుతాను.

గృహప్రవేశానికైతే పెద్ద హంగామా అక్కర్లేదండి. పాలు పొంగించడం చూడాల్సింది పదిమందే కాబట్టి వాట్సాప్ వీడియో కాల్ సరిపోతుంది. అందులో ఒకేసారి 32 మంది దాకా ఉండొచ్చు. జూమ్ ఉచితంగా వాడితే 40 నిమిషాలకి ఆగిపోతుంది, మన పంతులుగారి సంకల్పమే అంతసేపు సాగొచ్చు. పెళ్లికి మాత్రం యూట్యూబే నయం. లింకుని ‘అన్‌లిస్టెడ్’గా పెడితే వెతికినవాళ్లకి దొరకదు, అందినవాళ్లే చూస్తారు. కాకపోతే అందినవాళ్లు ఇంకొకరికి పంపితే వాళ్లూ చూడగలరు. కొత్త ఛానెల్‌కి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది. పైగా ఫోన్ యాప్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. వీడియోగ్రాఫర్ లాప్‌టాప్ నుంచి పంపిస్తే ఆ 50 మంది నిబంధన లేదు. పెళ్లినాడు పొద్దున ఛానెల్ తెరిచి కంగారుపడేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు చిక్కు నెట్. మనం సినిమా చూసేటప్పుడు కావాల్సింది డౌన్‌లోడ్, లైవ్‌కి కావాల్సింది అప్‌లోడ్. ఓ మోస్తరు స్పష్టమైన బొమ్మకి సెకనుకు 4 మెగాబిట్లు ఆగకుండా పైకి వెళ్లాలి. అంటే గంటకి దాదాపు 1.8 జీబీ. రోజుకి 2 జీబీ ఇచ్చే రీఛార్జితో లైవ్ పెడితే గంట దాటిన కాసేపటికే వేగం పడిపోతుంది. డేటా మిగిలినా, పందిట్లో వందలమంది ఫోన్లు అదే టవర్ని పట్టుకుని ఉంటాయి. పగలు ఖాళీ పందిట్లో పరీక్షించి ‘బ్రహ్మాండంగా ఉంది’ అనుకుంటే రాత్రికి మోసపోతాం.

అందుకని తీగ నెట్ ఉన్న ఇల్లు చూసుకోవాలి. పెళ్లివారింట్లో లేకపోతే పక్కింటి బాబాయిగారిని అడిగి, వాళ్ల నెట్ పెట్టె నుంచి లాప్‌టాప్ దాకా కేబుల్ లాగించుకోవాలి. వైఫై మీద ఆధారపడొద్దు. తర్వాత అప్‌లోడ్ ఎంతుందో చూసి, అందులో సగమే వాడుకోవాలి. ఉదాహరణకి 6 మెగాబిట్లు వచ్చిందనుకోండి, లాప్‌టాప్‌లో పంపే వేగాన్ని 3కి కట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఆగదు. చూసేవాళ్లకి మసక బొమ్మ కంటే ఆగిపోయిన బొమ్మే బాధ.

ఇంత చేసినా కరెంటు ఒకటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కెమెరాకి, లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. ఇంట్లో ఆ నెట్ పెట్టె మాత్రం ఆరిపోయి, మళ్లీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. మంగళసూత్రం ఆ రెండు నిమిషాల్లోనే పడుతుంది! పెట్టెకి చిన్న యూపీఎస్ తగిలిస్తే సరి. పెట్టె మీద దీపాలన్నీ ఆరితే అది కరెంటు గొడవ. ఎర్ర దీపం ఒకటి వెలిగితే బయట తీగే తెగిందని. పందిరి గుంజలు నిలబెట్టేటప్పుడో, మైకుసెట్టు లారీ సందులోకి వచ్చేటప్పుడో తెగుతుంది. అప్పుడు చేతిలో రెండో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి.

సినిమా పాటలు మోగించే బ్యాండు ఉంటే జాగ్రత్త. పాట హక్కుదారుల తాలూకు అని యూట్యూబ్ పసిగడితే లైవ్‌నే ఆపేయొచ్చు. ఊరేగింపు అయ్యాక లైవ్ మొదలుపెట్టడం మేలు. సన్నాయికి మామూలుగా ఆ ఇబ్బంది రాదు.

లింకుతో పాటు టైము కూడా రాసి పంపండి. ఏప్రిల్‌లో శుక్రవారం తెల్లవారుజామున రెండున్నరకి ముహూర్తమైతే, కువైట్‌లో గురువారం అర్ధరాత్రి 12 గంటలు, న్యూయార్క్‌లో గురువారం సాయంత్రం 5, డాలస్‌లో 4. శుభలేఖలో శుక్రవారం అని చూసి, అమెరికాలో ఉన్న పిన్ని శుక్రవారం సాయంత్రం లింకు తెరిస్తే రికార్డింగే మిగులుతుంది. అదైనా ఉండాలంటే లైవ్ 12 గంటలు దాటకూడదు, దాటితే పూర్తిగా దాచదు.

మరొకటి, లైవ్ అక్కడికి చేరేసరికి అర నిమిషం దాకా ఆలస్యమవుతుంది. మస్కట్‌లో ఉన్న మేనమామకి ఫోన్ చేసి ‘అక్షింతలు వెయ్యండి మావయ్యా’ అంటే, ఆయన తెర మీద ఇంకా అడ్డుతెరే ఉంటుంది. ఆయన బొమ్మ చూసే వేసుకుంటారు, వదిలెయ్యండి.