నాలుగు రోజులకు ఆరు వేలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చెబుతూ పోతే నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి, మన్నించండి. నన్ను మిర్చి సాగు గురించి మాట్లాడమన్నారు. అంతకంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది.

2023 జూన్ 20న కిసాన్ క్రెడిట్ కార్డు మీద రెండు లక్షలు తీసుకున్నాను. ఏడు శాతం వడ్డీ. ఏడాదిలోపు మొత్తం కట్టేస్తే అందులో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది, మనకు నాలుగే పడుతుంది. అప్పట్లో మూడు లక్షల వరకు పంట రుణానికి ఇదే లెక్క. అంటే నాకు ఎనిమిది వేలు వడ్డీ. బాగానే ఉంది కదా?

మరుసటేడు మిర్చి అమ్మాను. కొట్టు నుంచి డబ్బు ఆలస్యంగా చేతికొచ్చింది. జూన్ 24, సోమవారం, సంచిలో నోట్లు పెట్టుకుని బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్‌లోని అమ్మాయి కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పి, "గడువు ఇరవైతోనే అయిపోయింది బాబాయ్, మూడు శాతం రాయితీ పోయింది" అంది. నాలుగు రోజుల ఆలస్యానికి ఏడాది మొత్తం మీద ఆరు వేలు పోయాయి. గడువు దాటిన ఆ నాలుగు రోజులకు మామూలు రేటు వేరే. సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

వినండి. కోత ఎప్పుడైనా కానీ, ఈ రాయితీ గడువు అప్పు తీసుకున్న తేదీ నుంచి ఏడాది దాటదు. పంట డబ్బు ఆలస్యమైనా ఆ తేదీ మారదు.

అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నేనొక పని చేసేవాణ్ణి. అసలుకు ఏడు శాతం వడ్డీ కలిపి రెండు లక్షల పద్నాలుగు వేలు రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి కట్టేసేవాణ్ణి. పది రోజులకు వడ్డీ పద్నాలుగు వందల పైచిలుకు. ఆరు వేలు మిగుల్చుకోవడానికి అది తక్కువే. కానీ జాగ్రత్త, తమ్ముళ్లూ! ఆ చేబదులు బ్యాంకు మళ్లీ ఇచ్చే అప్పుతో తీర్చాలనుకుంటే, అది చేతికి రావడానికి నలభై రెండు రోజులు దాటితే ఆ చేబదులు వడ్డీయే ఆరు వేలు దాటిపోతుంది. అందుకే చేబదులు తెచ్చే ముందే మేనేజరు గారిని అడగండి: "ఇవాళ కడితే మళ్లీ ఎన్నాళ్లకు ఇస్తారు?" అడంగల్, 1బి, ఆధార్ నకళ్లు గడువుకి నెల ముందే ఇచ్చేయండి.

ఇంకోటి. కార్డు ఐదేళ్లకు ఇస్తారు, కానీ బ్యాంకు ఏటా ఖాతా చూస్తుంది. బాగా నడిచిన ఖాతాకు లిమిట్ ఏడాదికి పది శాతం చొప్పున పెంచే వీలుంది. అడగనివాడికి పాత లిమిట్టే ఉండిపోవచ్చు. గడువు దాటిన ఖాతాకు ఆ పాత లిమిట్ కూడా ఆగిపోవచ్చు. నాకు ఆగింది, ఆ ఏడు ఎరువులు అరువుకు తెచ్చాను.

మిర్చి సంగతి మధ్యాహ్నం మాట్లాడుకుందాం. ఇప్పుడు ఎవరి జేబులో పాస్‌బుక్ ఉందో తీయండి. అప్పు పడిన తేదీ చూసి, నాకు పైకి చదివి చెప్పండి.