పొద్దున విన్న లెక్చర్ సాయంత్రానికి ‘హావ్’ ఎందుకు పోగొట్టుకుంది?

“అన్నా, ఈమెయిల్‌లో ఖాళీలు నింపమంటే ఆరింట్లో నాలుగు తప్పాయి. ‘హావ్’ ఎక్కడ పెట్టాలో, ఉత్త పాస్ట్ ఎక్కడ రాయాలో తేలడం లేదు. తెలుగులో రెంటికీ ‘వచ్చాను, చూశాను’ అనే కదా అంటాం?”

విజయనగరం నుంచి ఒక చెల్లి పంపిన ప్రశ్న ఇది. పేపర్ ఫొటో కూడా పెట్టింది. ఎడిన్‌బరాలో చదువుతున్న అమ్మాయి ఇక్కడి స్నేహితురాలికి రాసిన చిన్న మెయిల్. పైన ‘సాయంత్రం 6 గంటలు’ అని ఉంది చూశారా? దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

మొదటి ఖాళీ: ‘ఐ డ్యాష్ హియర్ త్రీ వీక్స్ అగో’. చెల్లి ‘హావ్ కమ్’ అని రాసింది. ఎందుకు రాసిందో నాకు అర్థమైంది. వచ్చిన అమ్మాయి ఇంకా అక్కడే ఉంది కదా, పని ఫలితం ఇప్పటికీ కనిపిస్తోంది కదా అనుకుంది. ఆలోచన మంచిదే. కానీ ‘అగో’ అనే మాట క్యాలెండర్‌లో ఒక రోజును వేలెత్తి చూపిస్తుంది. అలా వేలు పెట్టిన చోట ‘హావ్’ నిలవదు. ‘కేమ్’ రాయాలి.

పక్క వాక్యంలో అవే మూడు వారాలు మళ్లీ వచ్చాయి: ‘ఐ డ్యాష్ హియర్ ఫర్ త్రీ వీక్స్’. ఇక్కడ చెల్లి ‘యామ్’ అంది. ‘మూడు వారాలుగా ఇక్కడే ఉన్నాను’ అంటాం కాబట్టి ఆ ‘ఉన్నాను’ నేరుగా ‘యామ్’ అయి కూర్చుంది. మన వాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. మూడు వారాల కింద మొదలై ఈ నిమిషం దాకా సాగుతున్న దానికి ‘హావ్ బీన్’. తెలుగులో ‘కిందట’ అంటే పాస్ట్, ‘గా’ అంటే హావ్. ఈ జత చాలాచోట్ల పనికొస్తుంది.

ఇప్పుడు అసలు పేచీ. ‘ఐ డ్యాష్ టూ లెక్చర్స్ దిస్ మార్నింగ్’. చెల్లి ‘హావ్ అటెండెడ్’ అని రాసింది, కీలో ‘అటెండెడ్’ అని ఉంది. ‘దిస్’ ఉంటే హావ్ పెట్టాలని ఎవరో నేర్పి ఉంటారు. ‘దిస్ వీక్’ అంటే వారం ఇంకా నడుస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ ఆ సూత్రం పనిచేసింది, అంతే. పైనున్న టైమ్ చూడండి: సాయంత్రం ఆరు. ఆ అమ్మాయికి పొద్దు ఎప్పుడో అయిపోయింది. అయిపోయిన సమయానికి పాస్ట్. ఇదే మెయిల్ పదకొండు గంటలకు రాసి ఉంటే చెల్లి జవాబే కరెక్ట్. అన్నట్టు, లెక్కలోకి వచ్చేది రాసేవాళ్ల గడియారమే. అక్టోబర్ మొదట్లో ఎడిన్‌బరాలో సాయంత్రం ఆరంటే మనకు రాత్రి పదిన్నర, దానితో పని లేదు. మరి పేపర్లో టైమే ఇవ్వకపోతే? చుట్టుపక్కల వాక్యాల్లోనూ ఆధారం లేకపోతే రెండు జవాబులూ సరైనవే. కీలో ఒక్కటే ఇచ్చారంటే లోపం ప్రశ్నది.

‘ఐ హావెంట్ సీన్ ద కాజిల్ యెట్’, ‘మై రూమ్‌మేట్ హాజ్ గాన్ టు గ్లాస్గో’. ఈ రెండూ చెల్లి సరిగ్గానే రాసింది. రూమ్‌మేట్ ఇంకా తిరిగి రాలేదు కాబట్టి ‘గాన్’. వెళ్లొచ్చేసి ఉంటే ‘బీన్’. ఇక అమెరికా వాళ్లు మాటల్లో ‘యెట్’ పక్కన కూడా ‘డిడ్’ వాడేస్తారు, విని కంగారుపడకండి. ఈ పేపర్ బ్రిటిష్ పద్ధతిది.

చివరిది మన ఊరి ప్రశ్న: ‘డ్యాష్ యు డ్యాష్ ద సిరిమానోత్సవం దిస్ ఇయర్?’ చెల్లి ‘హావ్ యు సీన్’ అంది. ఏడాది ఇంకా అయిపోలేదు కదా అని ఆమె వాదన. నిజమే, ఏడాది అయిపోలేదు. కానీ సిరిమాను అయిపోయింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం ఒక్కరోజే పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ‘ఫొటోలు చూశాను’ అని మెయిల్ పై వాక్యంలోనే ఉంది, అంటే ఆ రోజు గడిచిపోయింది. ఇక ఈ ఏడాది చూసే వీలు లేదు కాబట్టి ‘డిడ్ యు సీ’. సినిమా ఇంకా హాల్లో ఆడుతుంటే ‘హావ్ యు సీన్ ఇట్’ అని అడుగుతాం, ఎత్తేశాక ‘డిడ్ యు సీ ఇట్’ అంటాం. ఇదీ అలాంటిదే.

అదే ‘దిస్ ఇయర్’ తీసేసి ‘ఎవర్’ పెట్టండి. ‘హావ్ యు ఎవర్ సీన్’ అవుతుంది, ఎందుకంటే అడిగేది జీవితం మొత్తం గురించి, అది ఇంకా నడుస్తోంది. ఈ లెక్కన చెల్లి స్నేహితురాలి తరఫున జవాబు రాస్తే ఇలా ఉంటుంది: ‘ఐ హావ్ సీన్ ఇట్ మెనీ టైమ్స్, బట్ ఐ డిడ్న్ట్ గో దిస్ ఇయర్.’