ఫాస్ఫేట్ నార్మల్‌గా ఉన్నా జాగ్రత్త ఎందుకు: అనోరెక్సియా పేషెంటుకు తొలి రోజుల తిండి

తెరపై: అడ్మిషన్ షీట్. వయసు 22, ఎత్తు 162 సెం.మీ., బరువు 33 కిలోలు.

వ్యాఖ్యానం: ఉదాహరణగా ఈ షీట్ చూడండి. బీఎంఐ 12.6, పల్స్ 38, టెంపరేచర్ 35.2 డిగ్రీలు. రెండు వారాలుగా కాఫీ, మజ్జిగ తప్ప ఇంకేమీ తీసుకోలేదు. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2022 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు బీఎంఐ 13, పల్స్ 40, టెంపరేచర్ 35.5 కంటే తగ్గితే అధిక ప్రమాదం కిందే లెక్క. ఈమెకు మూడూ తగ్గాయి. ఫాస్ఫేట్ మాత్రం 3.1 మిల్లీగ్రాములు, నార్మల్. దాన్ని చూసి ధైర్యపడకండి.

ఉపవాసంలో ఒంట్లోని ఫాస్ఫేట్ నిల్వలు తరిగిపోతాయి, రక్తంలో స్థాయి మాత్రం నిలబడుతుంది. తిండి మొదలవగానే ఇన్సులిన్ పెరిగి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. అప్పుడు లోటు బయటపడుతుంది.

తెరపై: డ్రిప్ స్టాండు.

వ్యాఖ్యానం: నీరసంగా ఉందని డెక్స్ట్రోస్ సీసా ఎక్కించడం మన వార్డుల్లో అలవాటు. ఈమె విషయంలో అదీ తిండి పెట్టినట్టే, పైగా ఉన్న కొద్దిపాటి థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. ముందు థయమిన్ ఇవ్వండి. రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు, పది రోజులు. షుగర్ నిజంగా పడిపోతే మాత్రం థయమిన్ కోసం ఆగొద్దు, రెండూ కలిపి ఇవ్వండి.

తెరపై: 33 × 20 = 660 కేలరీలు.

వ్యాఖ్యానం: ఇంత ప్రమాదం ఉన్నవాళ్లకు కిలోకు 5 నుంచి 20 కేలరీలతో మొదలుపెడతారు. ఈమెకు 20 చొప్పున రోజుకు 660, ఆరు విడతల్లో, విడతకు 110. ఆ అంకె దగ్గరే వారం రోజులు ఉండిపోతే బరువు ఇంకా తగ్గుతుంది, అదీ ప్రాణాంతకమే. అందుకే 12 గంటలకోసారి రక్తపరీక్ష చూసి, బాగుంటే పెంచుతూ పోవాలి.

తెరపై: మూడో రోజు. ఫాస్ఫేట్ 1.6.

వ్యాఖ్యానం: దాదాపు సగానికి పడింది. ఇక్కడ తిండి ఆపేయకండి. పెంచడం మాత్రం ఆపి, అదే స్థాయిలో ఉంచి, మీ ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారం ఫాస్ఫేట్ ఎక్కించి, ఆరు గంటల్లో మళ్లీ చూడండి. పొటాషియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం తక్కువుందేమో చూడండి. ఈసీజీ మళ్లీ తీయండి.

నర్సులకు ఒక మాట. నిన్నటిదాకా 38 ఉన్న పల్స్, పడుకుని ఉండగానే 88 అయితే ‘నార్మల్‌కి వచ్చింది’ అని రాయకండి. కాళ్ల వాపు, ఆయాసం ఉన్నాయా చూసి, వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలవండి. రాత్రి 2 గంటల షుగర్ కూడా వదలొద్దు. కాలేయంలో గ్లైకోజెన్ లేనివాళ్లకు ఆ వేళప్పుడే పడిపోతుంది.

తెరపై: సైకియాట్రీకి ఎప్పుడు పంపాలి?

వ్యాఖ్యానం: బరువు ఒక్కటే చూడకండి, నీళ్లు తాగినా వాపు వచ్చినా ముల్లు జరుగుతుంది. పూర్తి కేలరీలు తీసుకుంటూ, డ్రిప్ సాయం లేకుండా రెండు రోజులు ఎలక్ట్రోలైట్లు నిలవాలి. షుగర్ పడిపోకూడదు, ఈసీజీలో క్యూటీ సరిగ్గా ఉండాలి, లేచి నిలబడితే బీపీ 20 కన్నా ఎక్కువ తగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా ఆ రోజు పంపకండి.